కలరా ఉండకూ కలరాకూ ఏం చుట్టరికం?
(పాత భోషాణం మూత తీస్తే బయటపడ్డ విశేషాలు)

మీకు తెలుసా? మనం తరతరాలుగా ‘కలరా ఉండలు’ అని పిలుచుకుంటున్న ఆ తెల్లటి గోళీలు కలరాను ఏమీ చేయలేవు! కలరా నీళ్ల ద్వారా వచ్చే జబ్బు. ఆ ఉండ నీళ్లలో సరిగా కరగను కూడా కరగదు. లీటరు నీళ్లకు 30 మిల్లీగ్రాములు కరిగితే గొప్ప. పేరు కలరాది, పని చిమ్మటలది, కంపు మాత్రం మనది!

మీకు తెలుసా? ‘బీరువా’ అనే మాటకు మూలం ‘బ్యూరో’ అనే ఫ్రెంచి మాట. ఆ మాట మొదట్లో చెక్క సామాను పేరే కాదు, ముతక ఉన్నిబట్ట పేరు. రాతబల్ల మీద ఆ బట్ట పరిచేవారు కాబట్టి బల్లకూ ఆ పేరే వచ్చింది. ఉన్నిబట్ట చిమ్మట పిల్లలకు విందుభోజనం. అంటే బీరువా పేరులోనే చిమ్మటలకు శుభలేఖ ఉందన్నమాట!

ఇంతకీ ఈ గొడవంతా ఎందుకంటారా? మా నాయనమ్మ భోషాణం మొన్న వేసవిలో మా వాటాకొచ్చింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మూత ఎత్తగానే రెండు కంపులు పోటీపడి ముక్కు మీదికొచ్చాయి. ఒకటి వానాకాలపు చెమ్మ, రెండోది కలరా ఉండలు. “ఏవండీ, ఇది ఇంట్లోకొస్తే నేను బయటికెళ్తా” అంది మా ఆవిడ. అక్కడ మొదలైంది నా పరిశోధన.

మీకు తెలుసా? ఆ రెండు కంపులకూ ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు! చెమ్మ కంపు బూజు పెట్టింది. ఉండల కంపు తారు పెట్టింది. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. పాత పెట్టెలను బాగుచేయబోయి విసిగిపోయిన వాళ్లలో చాలామంది రెండు రోగాలకు ఒకే మాత్ర వేసినవాళ్లే.

తారు అన్నానా? అవును, మీకు తెలుసా? బొగ్గు నుంచి తీసిన నల్లటి తారులోంచే ఈ మల్లెపూవులాంటి తెల్లటి ఉండ పుట్టింది. 1821లో జాన్ కిడ్ అనే ఇంగ్లీషాయన దీనికి నాఫ్తలీన్ అని నామకరణం చేశాడు. 1826లో దీని లెక్క తేల్చినవాడు సాక్షాత్తూ మైకేల్ ఫారడే. పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. కరెంటు రహస్యాలు విప్పిన మహానుభావుడు మన బీరువా మూలను కూడా వదల్లేదు చూడండి!

మీకు తెలుసా? ఈ ఉండను ఎవరూ కరిగించరు, కాల్చరు, ఎత్తుకుపోరు. అయినా మాయమైపోతుంది! గట్టి పదార్థం నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది, అచ్చం మన హారతి కర్పూరంలాగే. మరి ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? మూసిన పెట్టెలో ఎక్కడికీ పోదు. చెక్కలోకి పోతుంది, పట్టుచీరలోకి పోతుంది, చివరికి పెళ్లిభోజనాల్లో మన పక్కన కూర్చున్నవాళ్ల ముక్కులోకి పోతుంది.

ఇక్కడ నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మా భోషాణం లోపల పట్టే గాలి సుమారు 430 లీటర్లు. 25 డిగ్రీల వేడిలో ఆ గాలి ఇక మోయలేనంతగా నాఫ్తలీన్ ఆవిరి నింపాలంటే ఎంత కావాలో తెలుసా? పావు గ్రాము! నాలుగు గ్రాముల ఉండ ఒక్కటి ఉంటే పదహారుసార్లు నింపవచ్చు. మా నాయనమ్మ పుణ్యమా అని అడుగున దొరికినవి, అరిగి శనగగింజంతైన వాటితో కలిపి, 23. ఆవిడ చిమ్మటల మీద యుద్ధం కాదు, ఏకంగా దండయాత్రే ప్రకటించినట్టుంది!

అంతకంటే పెద్ద హాస్యం వినండి. మీకు తెలుసా? బట్టల చిమ్మటకు అసలు నోరే పనిచేయదు! రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు. గుడ్లు పెట్టి పోతుంది, అంతే. బట్టలు కొరికేది దాని పిల్లపురుగు. అది కూడా ఉన్ని, పట్టు, వెంట్రుకలు, ఈకలు తింటుంది. ఉతికిన శుభ్రమైన నూలుబట్ట దానికి గడ్డితో సమానం. మా భోషాణంలో ఉన్నవేమిటంటారా? పదకొండు నూలు దుప్పట్లు, నాలుగు బొంతలు. 23 మంది కాపలాదారులు, దొంగ ఒక్కడూ లేడు!

ఒక్క నిమిషం నవ్వు ఆపి ఈ మాట వినండి. జి6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకు కలరా ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే, ఆ ఆవిరికి ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పైకి కనబడదు. అందుకే తాతమ్మ దాచిన పొత్తిగుడ్డలైనా సరే, ఆ వాసన ఉన్నంతవరకు పసిబిడ్డ దగ్గరికి రానివ్వకూడదు. మీకు తెలుసా? యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2008 నుంచి నాఫ్తలీన్ ఉండల మీద నిషేధం ఉంది. మన దగ్గర మాత్రం కిరాణా కొట్లో బిస్కెట్ల పక్కనే కూర్చుని ఉంటాయి!

కాబట్టి మొదటి పని ఏరివేత. చేతులకు తొడుగులు వేసుకుని మూలమూలా వెతికి ఏరాలి. అడుగు చెక్కల సందుల్లో మిలమిల మెరిసే సన్నటి పొలుసులు కనబడితే అవీ నాఫ్తలీనే. వేడికి లేచిన ఆవిరి చల్లటి చోట మళ్లీ గడ్డకడుతుంది. మా వాడొకడు వాటిని చూసి “పెద్దమ్మా, వజ్రాలు!” అని కేకేశాడు. వాసన చూసి పారిపోయాడు. ఏరినవన్నీ మూత బిగిసే డబ్బాలో వేయండి. తూములో పోయకండి, మంటలో వేయకండి.

మీకు తెలుసా? కలరా ఉండల పక్కన కర్పూరం బిళ్లలు పెడితే రెండూ కలిసి చెమర్చి నూనెలా కారతాయి! విడివిడిగా గట్టిగానే ఉంటాయి గానీ కలిస్తే మన వేసవి వేడికే నీరైపోతాయి. ఆ మరక పట్టుచీరకు తగిలితే ఇక అంతే సంగతులు. కొన్ని జోడీలు విడిగా ఉంటేనే ఊరికి మంచిది.

ఇప్పుడు మొదటి శత్రువు దగ్గరికొద్దాం. చెమ్మ కంపులో మట్టి వాసన కూడా కొంత కలిసి ఉంటుంది. దానికి కారణమైన పదార్థం పేరు జియోస్మిన్. మీకు తెలుసా? లక్ష కోట్ల పాళ్లలో ఐదు పాళ్లున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది! తొలకరి జల్లుకు నేల గుబాళించేది కూడా చాలావరకు దీనివల్లే. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మట్టి అత్తరు అని ఆ వాసనను సీసాల్లో పట్టి అమ్ముతారు. నేల మీదుంటే అత్తరు, పెట్టెలో ఉంటే దరిద్రం!

మీకు తెలుసా? బూజుకు ఇల్లు కట్టుకోవడానికి నీళ్లు అక్కర్లేదు, గాలిలో తేమ 70 శాతం చుట్టూ ఉంటే చాలు. పెట్టెలో అంత తేమ ఉందో లేదో చెప్పే యంత్రం మీ వంటింట్లోనే ఉంది. శుద్ధి చేసిన ఉప్పు తేమ 75 శాతం దాటితేనే చెమరుస్తుంది. అప్పటికి బూజు గృహప్రవేశం కూడా అయిపోయి ఉంటుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి కనుక అది ఇంకా ముందే తడుస్తుంది. గిన్నెడు కల్లుప్పు రాత్రి పెట్టెలో పెట్టి పొద్దున చూడండి. పొడిపొడిగా ఉంటే మీకు సెలవు, జిగటగా ఉంటే మీకు పని. పది రూపాయల వాతావరణ కేంద్రం!

ఇక అసలు రహస్యం. మీకు తెలుసా? కంపు కొట్టేది మీకు కనబడే చెక్క కాదు. భోషాణం బయటంతా పాలిషు, నగిషీ, ఇత్తడి పువ్వులు. లోపలి పలకలకు, అడుగు కింద, వెనక వీపుకు ఏముంది? ఏమీ లేదు, పచ్చి చెక్క! పైన జరీ పంచె, లోపల బనియను కూడా లేని పెళ్లికొడుకన్నమాట. చెమ్మ ఎక్కేది, ఆవిరి ఇంకేది అంతా అక్కడే. మా పెట్టెను నలుగురం కలిసి పక్కకు ఒరగేసి చూస్తే అడుగున బూడిదరంగు బూజు రంగవల్లి వేసి ఉంది. ఎన్నేళ్ల పండగలదో!

ఆ బూజును ఇంట్లో పొడిచీపురుతో దులిపారో, వంటింటిదాకా పంచిపెట్టినట్టే. పెట్టెను ఆరుబయటికి తెచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి, అందులో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవాలి. గుడ్డలోంచి చుక్క కారకూడదు. చెక్కకు స్నానం కాదు చేయించేది, ఒళ్లు తుడవడమే. బందులకు, గొళ్లాలకు తగిలిన వెనిగర్‌ను వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. లేకపోతే కంపు పోయి తుప్పు వస్తుంది!

“వెనిగర్‌లో కాస్త వంట సోడా కూడా కలిపితే డబుల్ పవర్ కదా?” అని పక్కింటాయన సలహా. మీకు తెలుసా? ఆ రెండూ కలిస్తే బుసబుసమని పొంగి, ఒకదాన్నొకటి చంపుకుని, చివరికి మిగిలేది ఓ లవణం కలిసిన నీళ్లే! పొంగు చూడముచ్చటగా ఉంటుంది, పని సున్నా. ఇంకొకాయన బ్లీచింగ్ కలపమన్నాడు. దయచేసి వద్దు. బ్లీచింగ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువు. బూజు కోసం అంత యుద్ధం అక్కర్లేదు!

వెనిగర్ తుడిచిన మూడో రోజుకు మట్టి కంపు సగానికి పైగా పోయింది. ఉండల కంపు? చెక్కు చెదరలేదు! ఎందుకో ముందే చెప్పాను, నాఫ్తలీన్ నీళ్లకు లొంగదు. అది ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. వెనిగర్‌నూ, వంట సోడానూ చూసి అది నవ్వుకుంటుంది. దానికి భయం ఇద్దరంటేనే, వేడి, గాలి.

మీకు తెలుసా? 30 డిగ్రీల దగ్గర కంటే 45 డిగ్రీల దగ్గర నాఫ్తలీన్ ఆవిరి జోరు దాదాపు నాలుగు రెట్లు! మనందరం తిట్టుకునే ఎండాకాలమే ఈ పనికి దేవుడిచ్చిన ముహూర్తం. రెంటచింతల వాళ్లు ఇంతకాలానికి దేనికైనా అదృష్టవంతులనిపించుకున్నారు!

అలాగని పెట్టెను నడి ఎండలో పడేయకండి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, రోలుకే ఆ గతైతే టేకు పలక ఎంత? పైన పాలిషు పొక్కుతుంది, అతుకులు నోళ్లు తెరుస్తాయి. వేడిగాలి ఆడే నీడ కావాలి. మేం వెనక వసారాలో నాలుగు ఇటుకల మీద ఎక్కించాం, అడుగు కింద కూడా గాలి ఆడాలని. మూత పూర్తిగా తీసేశాం. లోపలి అరను విడిగా నిలబెట్టాం. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం. పొద్దున్నే ఒక గంట మాత్రం లోపలి భాగానికి ఏటవాలు ఎండ తగిలేలా తిప్పాం. ఇలా పదిహేను రోజులు. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఫ్యాను గాలి తిన్నది ఆ భోషాణమే!

పదిహేనో రోజు నేను వాసన చూసి “పోయింది!” అని ప్రకటించాను. మీకు తెలుసా? మన ముక్కు పచ్చి అబద్ధాలకోరు! ఒకే వాసన కొద్ది నిమిషాలు తగిలితే చాలు, దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అందుకే పెట్టె పక్కన నిలబడి పీల్చి తీర్పు చెప్పకూడదు. ఉతికిన చేతిగుడ్డను రాత్రంతా మూసిన పెట్టెలో ఉంచి, పొద్దున దాన్ని ఆరుబయటికి తీసుకెళ్లి, పెట్టె జోలికి రాని మనిషి చేత చూపించాలి. మా న్యాయమూర్తి ఐదేళ్ల మనవరాలు. గుడ్డ చూసి “ఛీ, బాత్రూం వాసన” అంది. ఫెయిల్!

అప్పుడు రంగంలోకి దిగింది బొగ్గు. ఇస్త్రీబొగ్గు కాదు. ఆక్వేరియం కొట్లో నీళ్లు వడకట్టడానికి అమ్మే యాక్టివేటెడ్ కార్బన్. మీకు తెలుసా? దీని ఒక్క గ్రాములోని సన్నటి రంధ్రాలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా రావచ్చు. అంటే సుమారు 1,200 గజాలు! హైదరాబాదులో 1,200 గజాలంటే ఎంతో మీకు నేను చెప్పాలా? అరకిలో తెచ్చి రెండు పళ్లేల్లో పరిచి, పెట్టెలో పెట్టి, మూత మూసి మూడు రోజులు ఉంచాం. తర్వాత ఒకరోజు మూత తెరిచి గాలాడనిచ్చి, కొత్త బొగ్గుతో మరో మూడు రోజులు. ఈ బొగ్గు ఆవిరిని పట్టుకుంటుంది, వదలదు. అలాగని ఉండలు లోపలే ఉంచి బొగ్గు పెడితే మాత్రం అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఈసారి న్యాయమూర్తి గుడ్డను రెండుసార్లు చూసి “కొంచెమే” అంది. మిగిలింది అడుగు పలకల్లో. అక్కడ 150 నంబరు గరుకు కాగితంతో చెక్క చార వెంబడే పైపైన రుద్దితే, ఇంకిన పైపొర పొడిగా రాలింది. రుద్దుతుంటే కంపు మళ్లీ గుప్పుమంది. భయపడకండి, అది వీడ్కోలు.

చివరి అంకం లక్క. మీకు తెలుసా? వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అని వేసేది ఒక పురుగు స్రవించే పదార్థం! అదే లక్కతో ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులు పోసేవారు, మాత్రలకు మెరుపు పూతగానూ వాడతారు. పురుగును తరమడానికి ఉండలు, ఉండల కంపు మూయడానికి పురుగు!

లీటరు డీనేచర్డ్ స్పిరిట్‌లో 125 గ్రాముల లక్కపొలుసులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, లోపలి పలకలకు, అడుగుకు, వీపుకు పలచగా రెండు పూతలు వేశాం. పూతకూ పూతకూ మధ్య రెండు గంటలు. దీనికి ఒకటే షరతు, చెక్క పూర్తిగా ఆరి ఉండాలి. తడి మీద పూస్తే పొర కింద బూజు హాయిగా కాపురం పెడుతుంది. ఇంకో జాగ్రత్త, ఆ దరిదాపుల్లో అగ్గిపుల్ల, అగరుబత్తి, పొయ్యి ఉండకూడదు. పాండవుల కోసం దుర్యోధనుడు లక్క ఇల్లే ఎందుకు కట్టించాడో గుర్తుందిగా!

అదే స్పిరిట్‌తో బయటి పాత పాలిషును తుడిచేద్దామనిపించిందా? ఆగండి! పాత పాలిషు కూడా లక్కదే అయితే, స్పిరిట్ తగలగానే అది మళ్లీ కరిగి గుడ్డకు అంటుకొస్తుంది. తాతల నాటి మెరుపు ఒక్క తుడుపుతో హాంఫట్!

పూత ఆరడానికి వారం రోజులు మూత తెరిచే ఉంచాం. తర్వాత భోషాణాన్ని వానజల్లు కొట్టే బయటిగోడకు కాకుండా లోపలిగోడ వైపు చేర్చి, గోడకూ దానికీ మధ్య బెత్తెడు సందు వదిలి, ఇటుకల మీదే నిలబెట్టాం. ఉండలకు బదులు ఏం పెట్టామంటే, తంజావూరు చిట్కా. మీకు తెలుసా? తెలుగు తాళపత్రాలు కూడా దాచిన తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, నల్లజీలకర్ర, లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క పొడికొట్టి, కర్పూరం కలిపి గుడ్డమూటలు కట్టి పెట్టే అలవాటు ఉంది. పురుగును చంపవు, “ఇటు రాకు” అంటాయి. వాసన తగ్గినప్పుడల్లా మూట మార్చాలి. పులుసులో వేయకండి, మా ఇంట్లో ఆ ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది!

మొత్తం ముప్ఫై రెండు రోజులు. ఆఖరి పరీక్ష రోజున మనవరాలు గుడ్డను ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించింది. “దేని వాసనమ్మా?” అన్నాను ఊపిరి బిగబట్టి. “గుడ్డ వాసన తాతయ్యా” అంది. పాస్!

మీ బీరువాకు ఎన్ని మార్కులో రేపు పొద్దున చూడండి. కాఫీకి ముందే సుమా, ఆ వాసన తగిలాక ఇంకే వాసనా పట్టదు.